హిందీ సారు మాట కట్టుకున్న తీరు

పాల్వంచల మా గల్లీకొచ్చి "హిందీ సారు ఇల్లేది?" అని అడిగితే చాలు, ఎవరో ఒకరు చేతిల పని ఆపి మరీ తీస్కపోయి శ్రీశైలం సారు గుమ్మం ముందట నిలబెడతరు. ఆ గుమ్మం లోపలి నుంచి పొద్దుగాల, మాపటీలి ఎప్పుడూ హిందీ పాఠమే వినబడేది. ట్యూషన్‌కు డబ్బులు తీసుకునే రకం కాదు. ఎవడన్నా పిలగాడు హిందీల తప్పిండంటే ఆయన మనసు నిలవదు, అంతే.

సారు తండ్రి బొగ్గుబాయిల పనిచేసేటోడు. కొత్తగూడెం క్వార్టర్లల పెరిగిన సారుకి పక్కింటి ఉత్తరాదోళ్ళ పిల్లల తోటి ఆడుకుంటా ఆడుకుంటా హిందీ అంటుకున్నది. ఆ మీదట పట్టుబట్టి పరీక్షలు రాసి హిందీ పండిట్ అయ్యిండు. భద్రాచలం తొవ్వల, అడవి అంచున ఉన్న ఆశ్రమ బడిల ఉద్యోగం. కోయ పిల్లలు, లంబాడ పిల్లలు, ఇంట్ల ఒక మాట, బడిల ఇంకో మాట మాట్లాడే పిల్లలు. వాళ్ళకు హిందీ మూడోదో నాలుగోదో అయితది. అయినా ఆ బడిల హిందీల తప్పేటోళ్ళు తక్కువ.

ఎట్లనంటే, సారుకొక పద్ధతుండె. క్లాసులకు రాంగనే బల్ల మీద అరచెయ్యితోని తాళం కొట్టేటోడు. "లడకా, లడకే, లడకోం!" అని పిలగాడు అనే మాటను మూడు తీర్ల ఆయన అంటే, క్లాసంత "లడకా, లడకే, లడకోం!" అని కప్పు లేచిపోయేటట్టు అనాల్సిందే. "మైఁ ఆతా హూఁ, హమ్ ఆతే హైఁ, తుమ్ ఆతే హో!" వస్త, వస్తం, వస్తరు అని. మళ్ళ తాళం. హిందీ మాటల చివర ఉండే అచ్చు ఎంత చిన్నగ ఉంటదో అంత పొగరుబోతు అనేటోడు సారు. "ఆతా" చివర ఉన్న ఆ ఒక్క "ఆ" మగ అని చెప్తది, ఒక్కడే అని కూడ చెప్తది. అది "ఆతే" అయితే మగోళ్ళు చాలామంది. "ఆతీ" అయితే ఆడది. ఒక్క అచ్చుల అంత పని నింపి పెట్టిన్రు. "దాన్ని విరగ్గొట్టి ఇది మగ ముక్క, ఇది ఒక్కడు అనే ముక్క అని చూపియ్యరాదు బిడ్డా, మొత్తం మింగాల్సిందే" అని నవ్వేటోడు.

మొన్న హోళీ పండుగయినంక, పొద్దున పళ్ళు తోముకుంట తోముకుంట సారు కూలబడ్డడు. పక్కింటి జానీ అప్పుడే కరెంటు ప్లాంట్ల నైట్ షిఫ్ట్ దిగి వచ్చిండు. సారు భార్య శోభారాణి కేక విని, బట్టలన్న మార్చుకోకుండ సారుని తన ఆటోల ఏస్కొని దవాఖానాకు ఉరికిండు. పానం దక్కింది. కుడి చెయ్యి బరువయ్యింది. మాట పోయింది.

పోయింది అంటే పూర్తిగ పోలే. అదే విచిత్రం. ఎవరేం చెప్పినా సారుకు అర్థమయితుండె. తనకేం చెప్పాల్నో కూడ లోపల సాఫ్‌గ ఉండె. నోట్లకొచ్చేసరికి మాట మొండెం ఒక్కటే బయటికొస్తుండె, వెనకాల ఉండాల్సినయన్ని ఊడిపోతుండె. "నీళ్ళు కావాలె, తెస్తవా" అనాల్సింది "నీళ్ళు... తే" అవుతుండె. "బడికి పోవాలె" అనాల్సింది "బడి... పో" అవుతుండె. శోభారాణిని జీవితంల ఒక్కనాడు గద్దించి మాట్లాడనోడు, పొద్దున లేస్తే "పెట్టు", "తియ్యి", "పో" అంటుండె. ఎందుకంటే తెలుగుల క్రియకు తగిలించినయన్ని ఊడగొడితే మిగిలేది ఆజ్ఞే. హెడ్మాస్టర్ జయప్రకాశ్ సారు పండ్లు పట్టుకొని చూడనీకె వస్తే, మనిషంటే ప్రాణమిచ్చే శ్రీశైలం సారు "రా! కూసో!" అన్నడు. అనంగనే తనకే తెలిసింది. సిగ్గుతోని మొఖం గోడకు తిప్పుకున్నడు. ఇంతకాలం మాటల చివర్లు దిద్దిన మనిషికి తన మాటకే చివర్లు లేకుండ పోయె!

హిందీ సంగతి ఇంకో తీరు. హిందీల మొండెం ఒక్కటే కాదు, చివర కూడ వస్తుండె. కాని రావాల్సినది కాకుండ ఇంకోటి వస్తుండె. జానీ వచ్చి "కైసే హో సార్?" అంటే, "అచ్ఛీ... అచ్ఛే... లడకా అచ్ఛీ" అంటుండె సారు, మగ మాటకు ఆడ చివర తగిలించి. జానీ బయటికి పోయి కండ్లు తుడుచుకునేటోడు.

దవాఖానాల మాటల చికిత్సకు అరుణశ్రీ అనే అమ్మాయి వస్తది. మధిర దిక్కు పిల్ల, మాట మెత్తగ ఉంటది, పనిల మాత్రం గట్టిది. శోభారాణి మొదటి రోజే ఆమె రెండు చేతులు పట్టుకున్నది. "అమ్మా, మా సారుకు హిందీ తెప్పియ్యాలె. హిందీ లేకుంటే ఆయన బతకడమ్మా. బడి ఆయన ఊపిరి" అన్నది.

"ముందు తెలుగుతో మొదలుపెడదామండి" అన్నది అరుణశ్రీ. "తెలుగు ఆయన అమ్మ మాట. అదొక కారణం. ఇంకొకటి, తెలుగు మాట ముక్కలు ముక్కలుగా ఊడుతోంది చూడండి, అంటే ముక్కలు ముక్కలుగా మళ్ళీ పెట్టుకోవచ్చు. అందరికీ ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. సారుకి మాత్రం ఈ దారి కనబడుతోంది."

శోభారాణికి అంతుపట్టలే. అరుణశ్రీ నవ్వి, "మీ మామగారు బొగ్గుబాయికి క్యారేజీ పట్టుకెళ్ళేవారన్నారు కదండీ, గిన్నె మీద గిన్నె? తెలుగు మాట అలాంటిది. ఏ గిన్నెలో ఏముందో విడిగా తీసి చూసుకోవచ్చు. హిందీ మాట చివర కిచిడీ. అందులోంచి పప్పు వేరుగా ఏరలేం" అన్నది.

శ్రీశైలం సారు కండ్లు మెరిసినయి. ఆయన జీవితమంత పిల్లలకు చెప్పిన ముచ్చట అదే కద! ఎడమ చెయ్యి లేపి "బడి" అన్నడు. మొదలుపెట్టమన్నట్టు.

"బడి" అన్నది అరుణశ్రీ. "ఎక్కడ? బడి..."

"లో" అన్నడు సారు, చాలసేపటికి.

"బడిలో. బడిలో ఉండేవాటిని ఏమంటాం? బడిలో..."

"ని."

"బడిలోని. మనుషులైతే?"

"వాళ్ళు. బడి... లో... ని... వాళ్ళు."

ఆ రోజుకి అంతే. చెమట పట్టింది సారుకు. మరుసటిసారి "కు" తగిలించిండు. బడిలోనివాళ్ళకు. ఆ మీదట "ఏ" పెట్టి గట్టి చేసిండు, బడిలోనివాళ్ళకే. ఆఖర్న "నా" పెట్టి ప్రశ్న చేసిండు, "బడిలోనివాళ్ళకేనా?" ఏ ముక్క పని ఆ ముక్కదే. ఒకటి చోటు చెప్తది, ఒకటి మనుషులని చెప్తది, ఒకటి ఎవరికో చెప్తది. వరస మాత్రం తప్పొద్దు. "కు" వచ్చినంక "లోని" పెడతనంటే నడవదు. ఒక ముక్క జారితే, జారిన కాడి నుంచే మళ్ళ అందుకోవచ్చు, మొదటికి పోయే పని లేదు. ఆ ధైర్యమే సారుని నిలబెట్టింది.

అట్లని తెలుగంత తేలికని కాదు. "వచ్చిండు", "వచ్చింది" కాడ మాత్రం సారు తన్నుకులాడేటోడు. ఆ చివరి "డు" కూడ హిందీ లెక్కనే ముద్ద. ఒక్కడు, మగోడు, వాడు అన్ని దాంట్లనే ఉండె. "జానీ వచ్చింది" అని అన్నడొకసారి. జానీ గుమ్మంల నిలబడి "అవ్ సార్, వచ్చింది, చాయ్ కూడ తాగుతది" అన్నడు. కూలబడ్డ కాడి నుంచి ఆ ఇంట్ల మొదటిసారి నవ్వు వినబడ్డది ఆ పూటనే. శోభారాణి అయితే నవ్వి నవ్వి కొంగు నోట్ల పెట్టుకున్నది.

అయినా ఆమె మనసుల హిందీ కోరిక పోలే. ఆమె తప్పు పట్టే పని లేదు. ఇరవై ముప్పై ఏండ్లు పొద్దున లేస్తే విన్న పాఠం ఆమెకు కంఠతా వచ్చు. ఒకనాడు రోట్ల పచ్చడి నూరుకుంట యాదికొచ్చి, బండ మీద చెయ్యి కొట్టి "లడకా" అన్నది. లోపలి గది నుంచి సారు గొంతు "లడకే, లడకోం!" అని వచ్చింది. గడగడ, ఒక్క ఆగు లేకుండ! శోభారాణి చేతిల పచ్చడితోనే ఉరికింది. "మైఁ ఆతా హూఁ" అన్నది. "హమ్ ఆతే హైఁ, తుమ్ ఆతే హో" అన్నడు సారు. పాత గొంతు, పాత తాళం. ఇద్దరు మొత్తం పాఠం అప్పజెప్పుకున్నరు. ఆమె ఏడ్చుకుంట నవ్వుకుంట గల్లీకంత చెప్పి వచ్చింది, హిందీ వచ్చేసిందని.

సారుకు తెలుసు రాలేదని. పాట లెక్క నోట్ల పడ్డది పాట లెక్కనే బయటికొస్తుండె. అందుల నుంచి ఒక్క మాట తీసి కొత్త వాక్యంల పెట్టమంటే చెయ్యి ఖాళీగ తిరిగొస్తుండె. అరుణశ్రీ కూడ ఆ మాటే చెప్పింది, "వల్లెవేసింది వేరు, మాట్లాడేది వేరండి, తొందరపడకండి" అని. సంబురం మీదున్న ఇంట్ల ఆ మాట ఎవరి చెవికెక్కుతది?

శోభారాణి ఫోన్ చేస్తే జయప్రకాశ్ సారు సాయంత్రానికల్ల వచ్చిండు. ఆయన ఫికర్ ఆయనది. జూన్ల బడి తెరిచినప్పటి నుంచి హిందీ చెప్పేటోళ్ళు లేరు. పదో తరగతి పిల్లలు ఉత్తగ కూసుంటున్నరు. "ఇంకోరిని పంపియ్యమని పైకి అడగాల్నా, సారు కోసం ఆగాల్నా?" అని లోలోపల నలిగిపోతున్న మనిషి. శోభారాణి చెయ్యి కొట్టి మొదలుపెట్టంగనే సారు నోరు ఆగలే. పాఠం అంత విని జయప్రకాశ్ సారు లేచి కావలించుకున్నడు.

"ఇంకేంది శ్రీశైలం సారూ! సోమవారం వచ్చేయండి. ఇంకోరిని అడగను. పిల్లలు మీకోసం ఎదురు చూస్తున్నరు."

సారు లోపల అగ్గి పుట్టింది. నేను చెప్పలేను, పిల్లల ఏడాది పాడైతది, నాకోసం ఆగకండి అనాలె. నోరు తెరిచిండు. "చెప్పు" అన్నడు. "చెప్పు... చెప్పు..." అంతకు మించి ముక్క రాలే. "లేను" అనేది ఎక్కడో మాట వెనకాల ఉండాలె, అందలే. తల అడ్డంగ ఊపిండు.

"మీరెప్పుడూ గింతే, మొహమాటం" అన్నడు జయప్రకాశ్ సారు. "చెప్తరు సార్, మీరు కాకపోతే ఎవరు చెప్తరు!"

చూసిన్రా, ఎంత ఘోరమో. రాదు అని చెప్పుకోవాల్నన్నా మాట రావాలె. మాట లేనోడికి "నాతోని కాదు" అనే హక్కు కూడ లేకుండ పోతది. ఆ మూడు రోజులు సారు సరిగ్గ తినలే. గోడ దిక్కు తిరిగి పెదాలు కదిలిస్తుండె. శోభారాణి పాఠం వల్లెవేస్తున్నడు అనుకున్నది.

సోమవారం జానీ ఆటోల బయలెల్లిన్రు. శోభారాణి సారుకు ఇస్త్రీ చొక్కా తొడిగి, కుడి చెయ్యి గుండీ తనే పెట్టి, తనూ పక్కన కూసున్నది. తొవ్వంత టేకు చెట్లు, ఎదురుంగ వచ్చే ఇసుక లారీలు. బడి గేట్ల అడుగు పెట్టంగనే పిల్లలు "హిందీ సారొచ్చిండు!" అని ఉరికొచ్చిన్రు. ఒక్కొక్కరు ఆయన కాళ్ళకు మొక్కుతుంటె శోభారాణి కడుపు నిండిపోయింది.

పదో తరగతి గది. శోభారాణి గుమ్మం కాడ నిలబడ్డది. జయప్రకాశ్ సారు లోపల గోడకు ఆనుకున్నడు. సారు ఎడమ చెయ్యి లేపి బల్ల మీద కొట్టిండు. "లడకా, లడకే, లడకోం!" గది దద్దరిల్లింది. పిల్లల మొఖాల్ల పండుగ. పాఠం మొత్తం నడిచింది. జయప్రకాశ్ సారు శోభారాణి దిక్కు చూసి తల ఊపిండు, చూసినవా అన్నట్టు.

అప్పుడు ముందు వరసల ద్వాలి అనే పిల్ల లేచింది. తండాల నుంచి వచ్చే పిల్ల, చదువుల చురుకు. "సార్, 'లడకే' అంటే ఒక్కడా, చాలామందా? ఒక్కకాడ ఒక్కడని ఉన్నది, ఇంకోకాడ చాలామందని ఉన్నది" అన్నది.

ఎంత మంచి ప్రశ్న! సారు గుండె పొంగింది. జవాబు ఆయన లోపల కండ్ల ముందట ఉండె. "లడకే ఆయే" అంటే చాలామంది వచ్చిన్రు. "లడకే నే కహా" అంటే ఒక్కడే అన్నడు. "నే" ముందట నిలబడ్డందుకు "లడకా" కాస్త "లడకే" అయ్యింది. ఒకే చివర, రెండు కొలువులు. వెయ్యిసార్లు చెప్పిన పాఠం. నోరు తెరిచిండు.

"లడకే... ఆయీ" అన్నడు. తల విదిలించిండు. "లడకోం... ఆయా. లడకా నే... లడకీ..."

పిల్లలు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.

"మైఁ..." అని తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నడు సారు, తన మీదనే ఉదాహరణ చెప్పాలని. "మైఁ... ఆతీ హూఁ."

వెనక వరసల ఎవరో కిసుక్కుమన్నరు. మగోడు ఆడదాని లెక్క అంటే నవ్వరా, పిల్లలు గద. నవ్వు గది అంత పాకింది. అంతలనే ఎందుకో ఆగిపోయింది. ద్వాలి కూసోలే, నిలబడలే, బల్ల పట్టుకొని వంగి ఉండిపోయింది, తప్పు తనదే అయినట్టు.

"సారుకు జర అలసటైంది" అని జయప్రకాశ్ సారు ముందుకొచ్చిండు. "రేపు చెప్తరు."

శ్రీశైలం సారు ఎడమ చెయ్యి అడ్డం పెట్టిండు. జయప్రకాశ్ సారు దిక్కు తిరిగిండు. మెడ నరాలు ఉబ్బినయి.

"చెప్పు" అన్నడు.

"అవ్ సార్, చెప్తరు. రేపు..."

"చెప్పు. చెప్పించు." పిల్లల దిక్కు చెయ్యి చూపిండు. తను చెప్పుడు కాదు, వాళ్ళతోని చెప్పించుడు. మొదటి ముక్క అందింది. కండ్లు మూసుకున్నడు. గుమ్మం కాడ శోభారాణి రెండు చేతులు పిడికిలి పట్టింది. ఆమెకు ఆయన ఏమంటడో తెల్వదు, మాట పెద్దదవుతున్నదని మాత్రమే తెలుసు. అందుకే దేవునికి మొక్కుకుంటున్నది.

"చెప్పించ... లేక."

జయప్రకాశ్ సారుకు అప్పుడు తెలిసింది. "చెప్పించగలరు సారూ" అని అందివ్వబోయిండు, మంచి మనసుతోనే. సారు ఆ ముక్క తీసుకోలే. తల అడ్డంగ ఊపి తన ముక్కనే పట్టుకున్నడు.

"చెప్పించలేక... పోతు... న్నా..."

సారు ఎడమ చేతితోని బల్ల అంచు పట్టుకున్నడు.

"చెప్పించలేకపోతున్నానండి."

ఒక్క ముక్క తప్పు పోలే. చెప్పుడు, చెప్పించుడు, చేతకాకపోవుడు, అది ఇప్పుడు నడుస్తుండుడు, నేను, మీకు మర్యాద. అన్ని తమ తమ చోట్ల కూసున్నయి. తన ఉద్యోగాన్ని తనే ఇడిసిపెట్టిన మనిషి మాట అంత సాఫ్‌గ వచ్చింది.

జయప్రకాశ్ సారు ఆయన భుజం మీద చెయ్యి ఏసిండు. "ఇంకొన్నాళ్ళు చూద్దాం సారూ..."

"వద్దండి" అన్నడు సారు. "పిల్లలు... ఇంకోరు... రావాలె."

ఆ మధ్యాహ్నమే జయప్రకాశ్ సారు పైకి ఫోన్ చేసిండు, హిందీకి ఇంకోరిని పంపియ్యమని.

ఇంటికి వచ్చేటప్పుడు జానీ ఆటో మెల్లగ పోనిచ్చిండు. శోభారాణి కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. కోపమొచ్చింది ఆమెకు. ఎవరి మీద అంటే చెప్పలేదు. ఇన్ని నెలలు ఒక్క పెద్ద మాట కోసం కండ్లు కాయలు గాసినయి, వచ్చిన మాట బతుకుని మూసేసే మాటయ్యె.

"అంత పెద్ద మాట వచ్చింది మీకు" అన్నది. "అదేనా దొరికింది? వేరే ఏ మాటన్న రాకపోయెనా?"

ఇసుక లారీ ఒకటి పోయినంక సారు ఆమె దిక్కు తిరిగిండు. తొందర పడలే. ఒక్కొక్క ముక్క పెట్టిండు.

"చెప్ప... క... పోతే..." అన్నడు. "అబద్ధం... చెప్పినట్టు... శోభా."

శోభారాణి ఆయన కుడి చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నది. ఆ చేతికి పట్టు లేదు. ఆమెనే గట్టిగ పట్టుకున్నది.